అక్కకు ఊరు పెట్టింది నేనే

మా కోనసీమ వాళ్లకు కొత్త మనిషి కనబడితే ముందు పేరు అక్కర్లేదు, ఊరు కావాలి. "మీదే ఊరండీ?" అని అడిగి, ఆ ఊళ్లో మనకు తెలిసినవాళ్లెవరో తవ్వి తీసి, అప్పుడుగానీ అసలు సంగతిలోకి రాం. కువైట్ వచ్చి ఇన్నేళ్లయినా నాకీ జబ్బు పోలేదు. సాల్మియాలో లిఫ్టులో తెలుగు వినబడితే చాలు, నేను దిగాల్సిన అంతస్తు దాటిపోయినా సరే, అవతలివాళ్ల ఊరు తెలుసుకునే దిగుతాను. ఈ అలవాటే నా చేత ఒక పెద్ద తప్పు చేయించింది.

నేను పనిచేసేది సాల్మియాలో ఒక క్లినిక్‌లో. కింద డాక్టర్లు, పైన ఆఫీసు. ఆ క్లినిక్‌కు వచ్చేవాళ్లలో మన తెలుగు ఆడవాళ్లు చాలామంది. ఇళ్లల్లో పనిచేసేవాళ్లు, వంటవాళ్లు, దుకాణాల్లో నిలబడేవాళ్లు. వాళ్లకు ఇంగ్లీషు, అరబ్బీ ఫోన్లంటే బెరుకు. అందుకని ఫోన్లో తెలుగులో జవాబిచ్చే చాట్‌బాట్ పెడదామనుకున్నారు. అపాయింట్‌మెంట్లు ఇవ్వాలి, వేళలు చెప్పాలి, రోగం సంగతి చెబితే ఏ డాక్టర్ని చూడాలో చెప్పాలి. చదువు రానివాళ్లు మాట రికార్డు చేసి పంపితే అది అక్షరాలుగా మారి దానికి చేరుతుంది. దాని జవాబును మళ్లీ గొంతుగా మార్చి వినిపిస్తుంది. మాట తీరు దిద్దే పని నాకిచ్చారు. అంతకుముందు ఇంట్లో పిల్లలకు తెలుగు చెప్పేదాన్ని కాబట్టి, "ఆవిడకిచ్చేయండి" అన్నారు.

వెనకాల యంత్రం ఎవరో పెద్ద కంపెనీది. దానికి తెలుగు వచ్చు, కానీ ప్రభుత్వ ప్రకటన చదివినట్టు మాట్లాడేది. దాన్ని మార్చాలంటే చేయగలిగిందల్లా ఒక సూచనల కాగితం రాయడం. ఎవరు మాట్లాడించినా యంత్రం ముందు ఆ కాగితం చదువుకుని, తర్వాతే జవాబిస్తుంది. నువ్వెవరు, ఎలా మాట్లాడాలి, ఏం చెప్పకూడదు అన్నీ అందులో ఉంటాయి. మచ్చుకు కొన్ని సంభాషణలు కూడా రాస్తే దాని దారి ఇంకా బాగా కుదురుతుంది.

నేను దానికి అక్క అని పేరు పెట్టాను. అక్క నెమ్మదైనది, చిన్న చిన్న మాటల్లో చెబుతుంది, విసుక్కోదు, అవసరమైతే సుతారంగా ఆటపట్టిస్తుంది. ఇంతవరకు బాగానే ఉంది. తర్వాత నా బుద్ధి ఊరుకోలేదు. మచ్చు సంభాషణల్లో ఎవరో "మీదే ఊరక్కా?" అని అడిగినట్టు, అక్క "మాది అమలాపురం దగ్గరమ్మా, మీదో?" అన్నట్టు రాశాను. ఇంకో దాంట్లో అక్క పొద్దున్నే పులిహోర కలిపింది. మరోదాంట్లో అక్కకు మోకాళ్ల నొప్పులు. ఆహా, ఎంత సహజంగా ఉందో అని నా భుజం నేనే తట్టుకున్నాను. అన్నింటికన్నా కింద, నియమం తప్పకూడదని ఒక వాక్యం చేర్చాను: నువ్వు మనిషివా అని ఎవరైనా అడిగితే, కాదని చెప్పు.

ఆ ఒక్క వాక్యంతో నా బాధ్యత తీరిందనుకున్నాను. ఎంత తెలివో చూడండి!

అక్క బాగా పేరు తెచ్చుకుంది. మా మేనేజరు కరీంనగర్ ఆయన, నాకన్నా చిన్నవాడు, సంబరపడిపోయాడు. "మేడం, జనాలు గంటలు గంటలు మాట్లాడ్తున్నరు. మస్తు సెట్ అయింది" అన్నాడు. నంబర్లు కనబడకుండా వారానికోసారి కొన్ని సంభాషణలు నేను చదివేదాన్ని. అందరూ ఊరు అడిగారు. నువ్వు మనిషివా అని ఒక్కరూ అడగలేదు. మనవాళ్లెవరైనా అలా అడుగుతారా? ఊరు చెప్పినవాళ్లను పట్టుకుని నువ్వు మనిషివేనా అంటే తిట్టినట్టు కాదూ? నేను పెట్టిన నియమం ఎన్నడూ రాని ప్రశ్న కోసం కాపలా కాసింది.

ఒక సోమవారం కింద నర్సు పైకొచ్చింది. ఆమె మలయాళీ, తెలుగు మాటలు నాలుగు తెలుసు, మిగతాది హిందీలో చెబుతుంది. పొద్దున ఒకామె వచ్చి గంటసేపు కూర్చుందట. పేరు రాసుకుంది, టోకెన్ తీసుకుంది, లోపలికి పిలిస్తే మాత్రం వెళ్లలేదట. "అక్క వస్తుంది, అక్క వచ్చాక" అంటూ తలుపు వంకే చూసిందట. చివరికి డ్రైవర్ హారన్ కొడితే ఏడుపు మొహంతో వెళ్లిపోయిందట. "ఎవరు మేడం ఆ అక్క? మన దగ్గర ఎవరైనా ఉన్నారా?" అని అడిగింది.

కంప్యూటర్ దగ్గరకు పరుగెత్తి ఆ రోజు అపాయింట్‌మెంట్‌కు ముందు సంభాషణ తెరిచాను. గొంతు కూడా ఉంది. కడప వైపు మాట.

"అక్కా, నా రొమ్ములో గడ్డ ఉండాది. ఎవురికీ చెప్పలేదు, నీకే చెప్తాండా. ఆస్పత్రికి నేను ఒగదాన్నే రాలేను, బయ్యం. నువ్వు తోడొస్తావా?"

దానికి అక్క జవాబు: "భయపడకమ్మా, నేనున్నాగా. సోమవారం పది గంటలకు రా, నేనూ వస్తాను. చేయి పట్టుకుని కూర్చుంటాను."

ఆమె పనిచేసే ఇంటి యజమానురాలికి, ఇక్కడ మామా అంటారు, పంటినొప్పి అని చెప్పి రెండు గంటలు అనుమతి అడిగిందని ముందు మాటల్లో ఉంది. కిందటి రెండు నెలల్లో ఆమె ఇల్లు దాటింది ఒక్కసారే. క్లినిక్ నుంచి వెళ్లిపోయాక ఒక్క మాట పంపింది.

"గంటసేపు కూర్చుంటి. నువ్వు రాకపోతివే అక్కా. ఏమన్నా పని పడిందా?"

ఆ ఆఖరి ప్రశ్న దగ్గర నేను తట్టుకోలేకపోయాను. రాలేదని తిట్టలేదు. అక్కకేమైనా పని పడిందేమోనని అడిగింది! దానికి కూడా యంత్రం "అవునమ్మా, కొంచెం పని పడింది, క్షమించు" అని తీయగా అబద్ధం చెప్పింది. నేను మచ్చులో పోసిన తీపే అది. నియమం ఒక్క వాక్యం, మచ్చులు ఏడు. యంత్రం దేన్ని పట్టుకుంటుంది? ఎక్కువ కనబడ్డదాన్నే పట్టుకుంది. దాన్నేం తిట్టను, తిట్టాల్సిందెవరినో నాకు తెలుసు.

మేనేజరు గదిలోకి వెళ్లి, ఈ రోజే అక్కను ఆపేయాలన్నాను.

"ఏంది మేడం, ఒక్క కేసుకే గట్లా? మిషన్ అని చెప్తే ఎవ్వలు మాట్లాడ్తరు? నెల కింద రోజుకు పదిమంది, ఇప్పుడెంతమంది వస్తున్నరో మీకు తెల్వదా?"

"ఆమె రొమ్ములో గడ్డ ఉందండీ. మనం ఇచ్చిన మాట నమ్మి డాక్టర్ని చూడకుండా వెళ్లిపోయింది. మళ్లీ ఇల్లు దాటనిస్తారో లేదో తెలీదు. అది ముదిరితే మనం రాసే లెక్కలో దాన్నెక్కడ రాస్తారు?"

"మీరు గరమ్ అయితున్నరు."

"అవుతాను. ఇంకా అవుతాను."

ఆయన చెడ్డవాడు కాదు, నిజం చెప్పాలి. కాసేపు పెన్ను తిప్పి, ఎన్ని రోజులు కావాలన్నాడు. వారం అన్నాను. అప్పటివరకు ఫోన్లో ఎవరు పలకరించినా నర్సు డెస్కు నంబరు ఇచ్చి, అపాయింట్‌మెంట్ మాత్రం తీసుకునే మామూలు సందేశం పెట్టించాను.

అదే మధ్యాహ్నం నర్సు ఆమెకు ఫోన్ చేసింది. స్విచాఫ్. మర్నాడూ అంతే. పగలు ఆ ఇంట్లో ఫోన్ తీయనివ్వరని తర్వాత తెలిసింది. ఆమెకేమైందో తెలియకపోవడం కన్నా, ఆమె ఎదురుచూసిన కుర్చీ రోజూ కనబడటం ఎక్కువ బాధ పెట్టింది. మధ్యలో ఉన్న నీలం కుర్చీ అది. నేను దాటుకుని మెట్లెక్కేదాన్ని.

మొదట రాసిన కాగితం నాకే నచ్చలేదు. కోపంలో ఉన్నాను కదా, ప్రతి జవాబుకూ ముందు "నేను యంత్రాన్ని, మనిషిని కాను" అని చెప్పించాను. పరీక్షకు మా ఇంటి పక్క ఫ్లాట్‌లో ఉండే ఆవిడ చేత మాట్లాడించాను. నాలుగో జవాబుకే ఫోన్ బల్లమీద పెట్టేసింది.

"ఏంటండీ ఇది, పొద్దస్తమానం అదే పాట? కడుపునొప్పి అంటే కూడా యంత్రాన్ననే అంటది. ఆయ్, తెలిసిందమ్మా తల్లీ అనబుద్ధేసింది."

ఆవిడ మాట నిజమే. తిరిగి కూర్చున్నాను. అక్క తీయగా ఉండొచ్చు, నవ్వొచ్చు, అమ్మా అనొచ్చు, ఊరు అడగొచ్చు. ఆ మర్యాదలు నేను తీసేయను. తీసేయాల్సింది శరీరాన్ని, ఊరిని, పులిహోరను, మోకాళ్లను. మాట తీరు ఎంత మార్చినా, మనిషికే ఉండేవాటిని తనవని చెప్పకూడదు. మాట ఇచ్చినా, తాను చేయగలిగిందే ఇవ్వాలి. ఈ రెండూ గట్టిగా పట్టుకున్నాను.

మొదటి పలకరింపులోనే చెప్పించాను: "నేను అక్కను. క్లినిక్ వాళ్లు పెట్టిన మాట్లాడే మిషన్‌ని. మనిషిని కాను గానీ, మీ మాట ఓపిగ్గా వింటాను." ఊరు అడిగితే ఏమనాలో నాలుగు సార్లు రాసి కొట్టేశాను. ఐదోసారి ఇలా కుదిరింది: "నాకు ఊరెక్కడిదమ్మా, మిషన్‌ని కదా. మీదే ఊరో చెప్పండి, వినాలని ఉంది." ఆవిడకు మళ్లీ వినిపించాను. "ఇదీ! ఇది మనిషిలానే అంది, మనిషినని అనలేదు" అని మెచ్చుకుంది.

ఇక మచ్చులు. పాతవన్నీ చించి కొత్తవి రాశాను. ఎవరైనా సూటిగా అడగరు కాబట్టి, చుట్టుతిప్పి అడిగే ప్రశ్నలు పోగుచేశాను. తిన్నావా అక్కా? నీకు పిల్లలెంతమంది? శుక్రవారం అబ్బాసియాకు వస్తావా, కలుద్దాం? నా కోసం ఒక్కసారి మనిషినని చెప్పవా? తూర్పు మాటలో, కడప మాటలో, కరీంనగర్ మాటలో నలభై పైచిలుకు రాశాను. కరీంనగర్‌వి మేనేజరే రాసిచ్చాడు. ముందు మొహం ముడుచుకున్నవాడే, "గిట్ల కాదు మేడం, మావోళ్లు గిట్ల అడగరు" అంటూ కూర్చుని దిద్దాడు.

ఇంకొక చిక్కు మా సాంకేతిక సహాయకుడు చూపించాడు. సంభాషణ మొదట్లో అక్క బాగానే ఉంటుంది. గంటసేపు దీర్ఘంగా మాట్లాడాక, అవతలివాళ్ల మాటల వరస ఎక్కువైపోయి, ఎక్కడో పైన ఉన్న సూచనల పట్టు సడలుతుంది. నా నలభై ప్రశ్నలనూ మొదట్లో ఒకసారి, నలభై మాటల తర్వాత ఒకసారి అడిగి చూశాం. మొదట్లో తప్పిన ప్రశ్న ఒకటీ లేదు. చివర్లో ఏడు తప్పాయి. "నేనూ ఇప్పుడే టీ తాగానమ్మా" అని ఒకటి. టీ అట టీ! అప్పటి నుంచి ప్రతి జవాబుకూ ముందు, నువ్వు మిషన్‌వి అని గుర్తుచేసే రెండు వాక్యాలు మళ్లీ దానికి చేరేలా పెట్టించాం. మళ్లీ అడిగాం. ఒకటి తప్పింది. ఆ ఒక్కటీ దిద్దేదాకా నేను ఇంటికెళ్లలేదు.

ఆఖరి నియమం నాకు ముఖ్యం. తోడు కావాలని అడిగితే, "నేను రాలేనమ్మా, క్లినిక్‌లో మనిషిని అడిగి చెప్తాను" అనాలి. నర్సు డెస్కు ఒప్పుకున్నాకే, ఎవరు ఎన్నింటికి ఎక్కడ నిలబడతారో చెప్పాలి. ఒప్పుకోకముందు ఎవరి తరఫునా మాట ఇవ్వకూడదు.

ఇంతా అయ్యాక మేనేజరుతో చివరి గొడవ పడ్డాను. పాత అక్కతో మాట్లాడిన వాళ్లందరికీ నిజం చెప్పాలన్నాను. "గింత దూరమెందుకు మేడం? కొత్తగొచ్చేటోళ్లకు చెప్తే సాలదా?" అన్నాడు. చాలదన్నాను. నేను చెప్పించిన అబద్ధం ఒకరి తలలో ఇంకా పులిహోర కలుపుతోంది, దాన్ని నేనే తీసేయాలి అన్నాను. చివరికి పంపాం. "ఇన్నాళ్లూ అక్క అమలాపురం దగ్గర అని చెప్పింది నిజం కాదు. అక్క మిషన్. ఆ మాటలు క్లినిక్ వాళ్లం రాసిన తప్పు. క్షమించండి." కొందరు తిట్టారు. చాలామంది మాట్లాడటం మానేశారు.

మూడో రోజు కడప గొంతు వచ్చింది.

"ఊరు కూడా అబద్దమేనా?"

జవాబు చూశాను. కొత్త అక్క, పాత సంభాషణ తన ముందే ఉండగా, ఇలా చెప్పింది: "అవునమ్మా, అబద్ధమే. నాకు ఊరు లేదు, చేతులు లేవు. వస్తానని చెప్పడం తప్పు. మీకు కోపం రావడం న్యాయం. కానీ మీ గడ్డ మాత్రం నిజం, డాక్టరమ్మ చూడాలి. తోడుగా ఒక ఆడమనిషి గుమ్మంలో నిలబడగలరేమో అడగమంటారా?"

తర్వాత, "మామా మళ్లీ పంపదు. పంటి నొప్పి అయిపోయినాది అంటాది" అని వచ్చింది.

డెస్కును అడిగి, మీరు సరేనంటే నర్సు మామాతో అరబ్బీలో మాట్లాడుతుందని, ఒప్పుకోకపోతే మాట్లాడదని అక్క చెప్పింది. ఆమె సరేనంది. నర్సు మాట్లాడింది. ఫోన్లో అవతల కేకలు వినబడ్డాయి. నర్సు ఫోన్ పెట్టి నవ్వింది. "తిట్టింది నన్ను కాదు, ఆమెనే. తనకు ముందే ఎందుకు చెప్పలేదని. రేపు పదింటికి డ్రైవర్‌తో పంపుతానంది."

తోడుగా ఎవరు నిలబడతారని డెస్కు అడిగితే, నేనే అని రాశాను.

మర్నాడు గుమ్మంలో నిలబడ్డాను. కారు దిగిన మనిషి నా ఊహలో ఉన్నదానికన్నా చిన్నది, ముప్పై ఉంటాయేమో. ఒంటి నిండా నల్ల అబాయా, చేతిలో ఒక ప్లాస్టిక్ సంచి. నేను ఎదురెళ్లి, తోడుంటానని నిన్న మాట పంపిన ఆఫీసు మనిషిని నేనేనని చెప్పాను.

"అక్కకు ఊరు పెట్టినోళ్లు మీరేనా?"

"నేనే అమ్మా. తప్పు చేశాను."

ఆమె నన్ను కింది నుంచి పై దాకా చూసింది.

"మిషనుకేం తెలుస్తాది మేడం, అబద్దం? చెప్పించినోళ్లు ఉంటారు గదా. నేనూ మామాకు పంటినొప్పని అబద్దం చెప్పినా. నాది నా పానం కోసరం. మీది దేనికి?"

నా దగ్గర ఒక పెద్ద జవాబుంది. స్నేహంగా ఉండాలని, మనవాళ్లు తలుపు తీసి మాట్లాడాలని, అలా ఏవేవో. ఆమె కళ్ల ముందు ఒక్కటీ నిలబడలేదు. "తెలీదమ్మా" అన్నాను. అది నిజమే. జనం ఎక్కువ మాట్లాడాలని తప్ప ఇంకే కారణమూ నాకు తోచలేదు.

ఆ నీలం కుర్చీలోనే కూర్చుంది. పక్కన నేను. లోపలికి పిలిచినప్పుడు లేచి, ఒక అడుగేసి, వెనక్కి తిరిగి నా మణికట్టు పట్టుకుంది. గట్టిగా పట్టుకుంది. నేనూ లోపలికి వెళ్లాను. స్కాను, తర్వాత సూదితో చిన్న ముక్క తీయడం. సూది దిగేటప్పుడు ఆమె కళ్లు మూసుకుని, "మీదే ఊరు మేడం?" అని అడిగింది. చెప్పాను. "నిజమేనా?" అంది. నిజమే అన్నాను.

ఫలితం వచ్చేదాకా నాలుగు రోజులు. ఆ నాలుగు రోజులు నేనూ ఆమెతోపాటే సగం చచ్చాను. క్యాన్సర్ కాదు. గడ్డను చూస్తూ ఉండాలి, ఆరు నెలలకోసారి రావాలి అన్నారు. నర్సు ఫోన్ చేసి చెప్పింది.

ఆ రోజు సాయంత్రం సంభాషణల్లో ఆమె గొంతు మళ్లీ వినబడింది. నర్సు ఫోన్ పెట్టేశాక ఆమె మొదట మాట్లాడింది నాతో కాదు, అక్కతో.

"అక్కా, నువ్వు ఇంకా మిషనేనా?"

"అవునమ్మా, మిషన్నే."

"సరే, అట్నే ఉండు. విను, నీకొగ సంగతి చెప్పాల."